షీటు వేసిన కుంటలో రోజుకు 12 మి.మీ. తగ్గుతోంది: ఎండకు పోతోందా, కారుతోందా?

చీనీతోట_కళ్యాణదుర్గం | నవంబర్ 9
అన్నలూ, మా సేద్యపు కుంట పైన 20 మీటర్లు × 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, గట్టు వాలు ఒకటిన్నరకు ఒకటి. 500 మైక్రాన్ల షీటు వేసినాం. అక్టోబర్ వానలకు అంచుదాకా నిండింది. ఇప్పుడు వాన లేదు, మోటారు ఆడించడం లేదు, అయినా రోజుకు 12 మి.మీ. దాకా దిగిపోతోంది. ఈ నీరు ఏప్రిల్ దాకా నిలిపి ఎకరా చీనీకి డ్రిప్పులో ఇవ్వాలని ఉంది. చెట్లు 108. పైన షేడ్‌నెట్ కప్పితే ఆవిరి ఆగుతుందని అంటున్నారు. ఎన్ని శాతం నెట్ తీసుకోవాలి, ఎట్ల కట్టాలి?

రెడ్డి_గుత్తి | నవంబర్ 9
90 శాతం నెట్ తీసుకోండి అన్నా. మన జిల్లా ఎండలకు 12 పోవడం మామూలే. ఎండ ఎంత ఆపితే అంత మేలు.

మూర్తి_నీటిలెక్క | నవంబర్ 9
నెట్ సంగతి తరవాత. ముందు ఆ 12 సంగతి తేల్చుకోవాలి. నవంబరులో ఆవిరి ఒక్కదానితో 12 మి.మీ. పోదు.

ఎందుకంటే నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఈ నెలలో మన దగ్గర రోజంతా పడే ఎండ వేడి మొత్తం, ఒక్క చుక్క వృథా కాకుండా ఆవిరికే ఖర్చయినా 7 మి.మీ. దాటదు. అందులో కొంత నీటి మీద నుంచి తిరిగి పైకి పోతుంది, రాత్రి ఆకాశానికి ఇంకొంత పోతుంది. మిగిలేది 4 మి.మీ.కు సరిపడా. పొడి గాలి కొంత వేడి తెచ్చి కలిపినా 5, మహా అయితే 6. మిగతాది షీటు కిందికి పోతోందని నా అనుమానం. ఏప్రిల్‌లో 12 అని రాసి ఉంటే ఇంత గట్టిగా అనేవాణ్ణి కాదు.

ఆ 12 ఎట్ల కొలిచారో చెప్పండి. వాలు మీద షీటుకు స్కేలు ఆనించి కొలిచారా, నిలువు కర్రకా? ఒకటిన్నరకు ఒకటి వాలులో నీరు నిలువుగా 1 మి.మీ. దిగితే వాలు మీద గీత 1.8 మి.మీ. జారుతుంది. వాలు మీద 12 చూసి ఉంటే అసలు దిగింది 6.7 మాత్రమే. అప్పుడు కథే మారిపోతుంది.

చీనీతోట_కళ్యాణదుర్గం | నవంబర్ 10
వాలు మీద కాదు సార్. ఇసుక నింపిన ప్లాస్టిక్ డబ్బాలో పైపు నిలబెట్టి కుంటలో దించినాం, ఆ పైపుకు స్కేలు కట్టినాం. నిలువుదే.

రెడ్డి_గుత్తి | నవంబర్ 10
మూర్తి సార్, ఒక సులువు చెప్తాను. రాత్రి ఎండ ఉండదు కదా, ఆవిరి కూడా ఉండదు. సాయంత్రం 6కు ఒకసారి, పొద్దున 6కు ఒకసారి కొలిస్తే రాత్రి దిగిందంతా కారుడే. దాన్ని రెట్టింపు చేస్తే రోజు లెక్క వచ్చేస్తుంది.

మూర్తి_నీటిలెక్క | నవంబర్ 10
ఆలోచన మంచిదే రెడ్డి గారూ. కారుడు పగలూ రాత్రీ ఒకేలా ఉంటుందన్నది నిజం. రాత్రి ఆవిరి ఉండదన్నదే సరికాదు. మూడు మీటర్ల నీరు పగలు దాచుకున్న వేడితో తెల్లవారుజామున గాలికన్నా వెచ్చగా ఉంటుంది. చలికాలం పొద్దున కుంట మీద పొగలా లేచేది అదే. గాలి వీస్తే రాత్రి కూడా చెప్పుకోదగినంత పోతుంది. లోతు తక్కువ తొట్టిలో అయితే మీ పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది, ఎందుకంటే అది రాత్రికి త్వరగా చల్లబడుతుంది. కుంటలో మాత్రం కారుడు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

దీనికి తిరుగులేని పరీక్ష కుంటలోనే డ్రమ్ము తేలించడం. చేసే తీరు ఇది.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా సగానికి కోయండి. అడుగున్న సగం తీసుకుని లోపల రెండు మూడు రాళ్ళు వేసి, కుంట నీరే పోయండి. అంచు బయటి నీటికన్నా 10-15 సెం.మీ. పైకి ఉండాలి, లోపలి మట్టం బయటి మట్టానికి దాదాపు సమానంగా ఉండాలి. అప్పుడే డ్రమ్ములో నీటి వేడి, కుంట నీటి వేడి ఒకటవుతాయి. గట్టు మీద ఎండలో పెట్టిన బకెట్ పనికిరాదు, దాని పక్కలు కాలి ఎక్కువ ఆవిరి చూపిస్తుంది. అంచు తక్కువైతే అలలు లోపలికి చిమ్ముతాయి, మరీ ఎక్కువైతే లోపల గాలి ఆడదు. గట్టు చాటున కాకుండా రెండు తాళ్ళతో కుంట మధ్యకు లాగి కట్టండి.

డ్రమ్ము లోపల ఒక గీత పెట్టుకోండి. రోజూ ఒకే గంటకు, గాలి లేని పొద్దున పూట, ఆ గీతదాకా మళ్ళీ నీరు నింపండి. నింపింది మందుల కొలత జగ్గుతో మిల్లీలీటర్లలో రాసుకోండి. ఈ డ్రమ్ము అడ్డకొలత 57 సెం.మీ. ఉంటుంది, అంటే 255 మి.లీ. పడితే 1 మి.మీ. ఆవిరైనట్టు. స్కేలు కన్నా ఇది నమ్మకం. అదే గంటకు పైపు స్కేలు కూడా చూడండి. కుంట దిగుడులోంచి డ్రమ్ము దిగుడు తీసేస్తే మిగిలేది కారుడు. మూడు నాలుగు రోజులు చేస్తే చాలు. చినుకు పడినా, మోటారు ఆడినా ఆ రోజు లెక్కలోంచి తీసేయండి. పైన ముళ్ళకంప లాంటిది పెట్టకండి, నీడ పడుతుంది. కాకులు తాగే నీరు పెద్ద లెక్క కాదు.

ఖాదర్_ధర్మవరం | నవంబర్ 11
సార్, నాదీ ఇట్లాంటిదే. బోరు పక్కన సిమెంట్ తొట్టి, 6 మీటర్లు × 4 మీటర్లు, లోతు మీటరున్నర, మూత లేదు. రాత్రి కరెంటుకు నింపి పగలు డ్రిప్పుకు ఇస్తాను. ఆడించని రోజు 4 సెం.మీ. తగ్గుతోంది. దీని మీద నల్ల బంతులు వేస్తే సరిపోతుందా? అమెరికాలో వేసినారంట కదా.

మూర్తి_నీటిలెక్క | నవంబర్ 11
ఖాదర్ భాయ్, రోజుకు 4 సెం.మీ. అంటే 40 మి.మీ. నడి వేసవిలో కూడా ఏ తొట్టీ అంత ఆవిరి కాదు. మీ తొట్టి 24 చదరపు మీటర్లు, 40 మి.మీ. చొప్పున రోజుకు 960 లీటర్లు పోతున్నాయి. అందులో ఆవిరి 150 లీటర్లు ఉంటే ఎక్కువ. మూలల్లో, పైపు గోడ దాటే చోట, అడుగూ గోడా కలిసే చోట చూడండి. బయట గోడ పొద్దున పూట తడిగా కనిపించినా, పక్కన గడ్డి ఒక్కచోటే పచ్చగా ఉన్నా అక్కడే. నీరు దిగి దిగి ఒకచోట ఆగితే ఆ ఎత్తులోనే పగులు ఉన్నట్టు.

బంతుల సంగతి. లాస్ ఏంజెలస్ జలాశయంలో 2015 నాటికి 9.6 కోట్ల నల్ల బంతులు పోశారు. అది మొదట ఆవిరి కోసం వేసింది కాదు. ఎండ తగిలి తాగునీటిలో బ్రోమేట్ ఏర్పడుతుంటే దాన్ని ఆపడానికి వేశారు. ఆవిరి తగ్గడం పక్క లాభం. మీ తొట్టికి అవి అక్కర్లేదు. కారుడు ఆపాక నాలుగు పైపులు అడ్డంగా వేసి షేడ్‌నెట్ పరిస్తే ఆవిరి మూడొంతుల్లో రెండొంతులు తగ్గుతుంది, పాచి కూడా తగ్గి డ్రిప్పు ఫిల్టరు తొందరగా మూసుకుపోదు. పాచి లాభమే మీకు ఎక్కువ.

చేపల_రమణ | నవంబర్ 12
షీటులూ నెట్లూ ఎందుకండీ, గుర్రపుడెక్క వేసేయండి. నీళ్ళ మీద పరుచుకుని నీడ ఇస్తుంది, పైసా ఖర్చు లేదు.

సుధ_వ్యవసాయం | నవంబర్ 12
వద్దండి రమణ గారూ. గుర్రపుడెక్క నీళ్ళకు నీడ ఇస్తుంది కానీ తన ఆకుల గుండా నీరు పీల్చి గాలిలోకి వదులుతుంది. ఆకులు నీటి మీదికి లేచి గాలిలో ఊగుతుంటాయి కాబట్టి, ఖాళీ నీటి కన్నా దాని వల్ల పోయే నీరే ఎక్కువ. పైగా ఒకసారి దిగితే కుంట ఖాళీ చేసినా విత్తనం మిగులుతుంది. నీటికి అంటుకుని పడుకునే అజొల్లా కొంత మేలు, కానీ మన వేసవికి అది నిలవదు. చేపలు ఉంటే కింద గాలి అందక తెల్లారేసరికి పైకి తేలతాయి.

చీనీతోట_కళ్యాణదుర్గం | నవంబర్ 16
మూర్తి సార్, నాలుగు రోజులు చేసినాం. డ్రమ్ములో పోసింది వరసగా 1050, 1100, 980, 1120 మి.లీ. కుంట దిగింది 12, 11, 11, 12.

మూర్తి_నీటిలెక్క | నవంబర్ 16
చక్కగా చేశారు. డ్రమ్ము సగటు 1060 మి.లీ. చుట్టూ ఉంది, అంటే 4.2 మి.మీ. ఆవిరి. కుంట సగటు 11.5. కాబట్టి రోజుకు 7 మి.మీ. పైగా కారుతోంది. 400 చదరపు మీటర్ల మీద 7 మి.మీ. అంటే 2,800 లీటర్లు. ఎంత మంచి నెట్ కట్టినా ఇందులో ఒక్క లీటరు ఆగదు. 11.5లో నెట్ మిగిల్చేది మహా అయితే 3.

రంధ్రం వెతికే తీరు: రోజూ కుంట దిగుడులోంచి డ్రమ్ము దిగుడు తీసేసి రాస్తూ పోండి. నీరు కిందికి దిగేకొద్దీ ఏదో ఒక మట్టం దగ్గర కారుడు ఒక్కసారిగా పడిపోతే, రంధ్రం ఆ మట్టానికి కాస్త పైన వాలులో ఉన్నట్టు. సాధారణంగా అతుకు మీద, మూల మడతల్లో, మేకలు దిగిన జాడలో, పైపు వేసిన చోట ఉంటుంది. అనుమానం ఉన్న చోట నీళ్ళు కదలకుండా పర్మాంగనేట్ ద్రావణం కొంచెం సిరంజితో వదలండి. రంగు ఒక దారగా లోపలికి లాగబడితే దొరికినట్టే. కారుడు ఏ మట్టం దగ్గరా తగ్గకుండా ఒకేలా సాగితే రంధ్రం అడుగులో ఉంది, అది ఖాళీ చేశాక గానీ తేలదు.

ఇంకో మాట. ఈ షీటుకు మామూలు గమ్ము అంటదు. పైపుల సొల్యూషన్ రాసి ముక్క అతికిస్తే వారం నిలిచి ఊడుతుంది. వేడిగాలి యంత్రంతో అదే రకం షీటు ముక్కను అన్ని వైపులా 15 సెం.మీ. మించేలా అతికించాలి. తాత్కాలికానికి రెండు వైపులా అంటుకునే బ్యూటైల్ టేపు పనికొస్తుంది, షీటు పొడిగా, మట్టి లేకుండా తుడిస్తేనే.

చీనీతోట_కళ్యాణదుర్గం | డిసెంబర్ 2
సార్, దొరికింది. నీరు అంచు నుంచి 25 సెం.మీ. దిగినాక కారుడు తగ్గిపోయింది. పడమటి మూల మడతలో అతుకు జానెడు విడిపోయి ఉంది. వేడిగాలితో అతికించినాం. ఇప్పుడు కుంటా డ్రమ్మూ రెండూ నాలుగే దిగుతున్నాయి. బోరు నీటితో మళ్ళీ అంచుదాకా నింపుకున్నాం. ఇక ఈ నాలుగు సంగతి చెప్పండి. నెట్ లాభమా?

మూర్తి_నీటిలెక్క | డిసెంబర్ 3
ఇప్పుడు అడిగేది సరైన ప్రశ్న. నవంబర్ మొదటికే నిండి ఉన్న మీ కొలతల కుంటను ఏప్రిల్ చివరిదాకా ముట్టకుండా ఉంచితే ఏమవుతుందో లెక్క వేద్దాం. మీకు ఒక నెల తగ్గింది కాబట్టి కొంచెం తేడా వస్తుంది. ఇవి నేను వేసుకున్న అంచనాలు, మీ డ్రమ్ము చెప్పేదే అసలు లెక్క: నవంబర్, డిసెంబర్‌లో రోజుకు 4 మి.మీ., జనవరిలో నాలుగున్నర, ఫిబ్రవరిలో 6, మార్చిలో ఏడున్నర, ఏప్రిల్‌లో ఎనిమిదిన్నర. మొత్తం మీటరు పైచిలుకు.

మూడు మీటర్లలో మీటరే కదా, మూడోవంతే కదా అనిపిస్తుంది. కానీ కుంట పైన వెడల్పు, కింద ఇరుకు. నిండుగా ఉన్నప్పుడు మీ కుంటలో 741 ఘనపు మీటర్లు ఉంటాయి. ఆ మీటరు పైచిలుకు పోయాక మిగిలేది 386. అంటే 355 ఘనపు మీటర్లు, దాదాపు సగం, గాలికి పోతుంది. అదీ ఒక్క చెట్టుకూ ఇవ్వకుండానే.

నెట్ ఆ ఆవిరిని 70 శాతం తగ్గిస్తుందనుకుంటే పోయేది 118 ఘనపు మీటర్లు. అంటే నెట్ వల్ల ఆదా అయ్యేది దాదాపు 2,37,000 లీటర్లు. చెట్టుకు రోజుకు 40 లీటర్ల చొప్పున మీ 108 చెట్లకు 55 రోజులు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతుల చెరువుల కోసం చేసిన పరీక్షల్లో నెట్‌కు 70 చుట్టూ వచ్చింది. స్పెయిన్‌లో సెగురా లోయ తోటల కుంటల మీద రెండు పొరల నల్ల నెట్‌తో 80 దాటింది. మన దగ్గర గాలి ఎక్కువ కాబట్టి కట్టడం సరిగా లేకపోతే ఆ అంకె రాదు.

రెడ్డి_గుత్తి | డిసెంబర్ 3
సార్, లోతుగా తవ్వితే ఆవిరి తగ్గుతుంది కదా, ఎందుకంటే లోతు నీరు చల్లగా ఉంటుంది. ఇంకో రెండు మీటర్లు దించితే నెట్టే అవసరం లేదు.

మూర్తి_నీటిలెక్క | డిసెంబర్ 4
సగం ఒప్పుకుంటాను. లోతు మంచిదే, కారణం మాత్రం చల్లదనం కాదు. లోతు నీరు వేడిని దాచుకుని ఆలస్యంగా వదులుతుంది, ఏడాది మొత్తం మీద ఒక చదరపు మీటరు నుంచి పోయేది పెద్దగా మారదు. లోతు వల్ల లాభం అంతా పై విస్తీర్ణం తగ్గడంలోనే ఉంది. పైన 17 × 17, లోతు నాలుగున్నర, వాలు ఒకటికి ఒకటి పెట్టి తవ్వితే 733 ఘనపు మీటర్లు పడతాయి, మీ కుంటకు దాదాపు సమానం. పైన 400 చదరపు మీటర్లకు బదులు 289. అదే ఏప్రిల్ దాకా ఉంచితే పోయేది 355కు బదులు 265.

కానీ ఒకటికి ఒకటి వాలు గట్టి మొరం నేలలోనే నిలుస్తుంది. నల్లరేగడిలో పెడితే నెర్రెలిచ్చి గట్టు జారుతుంది, షీటు చిరుగుతుంది. మన దగ్గర మూడు నాలుగు మీటర్లకే గుండు తగిలే చేలు బోలెడు. తవ్వేసిన కుంటను లోతు చేయాలంటే షీటు మొత్తం ఎత్తాలి, కాబట్టి కొత్తగా తవ్వేవాళ్ళకే ఈ మాట.

జహీరాబాద్_తోట | డిసెంబర్ 4
మాకు అట్లాంటివే రెండు కుంటలు పక్కపక్కన ఉన్నాయి. ఫిబ్రవరికి రెండూ మీటరున్నరకు వస్తాయి. అప్పుడేం చేయాలి?

మూర్తి_నీటిలెక్క | డిసెంబర్ 4
ఒకదానిలోకి తోడేయండి. ఒక్కోదానిలో 266 ఘనపు మీటర్లు, పై విస్తీర్ణం రెండింటికీ కలిపి 480 చదరపు మీటర్లు. మొత్తం ఒకదానిలో పోస్తే నీరు 2.4 మీటర్ల దాకా నిలుస్తుంది, విస్తీర్ణం 335. ఆ రోజు నుంచే ఆవిరి 30 శాతం తగ్గుతుంది, మోటారు ఖర్చు తప్ప ఇంకేం లేదు. ఖాళీ అయిన కుంట షీటు మాత్రం ఎండకూ గాలికీ వదలొద్దు. అడుగున ఒక జానెడు నీరైనా ఉంచండి, లేకపోతే గాలి కిందికి దూరి ఎత్తేస్తుంది.

ఖాదర్_ధర్మవరం | డిసెంబర్ 5
నీటి మీద మందు చల్లితే ఆవిరి ఆగుతుందని ఒకాయన అమ్ముతున్నాడు. పొడి రూపంలో ఉంది. తొట్టి పగులు మూసేసినా సార్, థాంక్స్.

మూర్తి_నీటిలెక్క | డిసెంబర్ 5
అది సీటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ రకం. నీటి మీద ఒక అణువు మందంలో పొరగా పరుచుకుంటుంది. గాలి లేని రోజున నిజంగానే పనిచేస్తుంది. గంటకు 15 కి.మీ. దాటి గాలి వీస్తే పొర ఒక ఒడ్డుకు కొట్టుకుపోయి ముద్ద కడుతుంది. రెండు మూడు రోజులకోసారి మళ్ళీ వేస్తూ ఉండాలి. ధర్మవరం, రామగిరి గాలి మరలు ఊరికే పెట్టలేదు కదా. మన ప్రాంతంలో డబ్బు పెట్టదగింది కాదు.

థర్మాకోల్ కూడా అంతే. 2017 ఏప్రిల్‌లో తమిళనాడు వైగై డ్యామ్‌లో టేపు అంటించిన థర్మాకోల్ పలకలు వదిలితే కాసేపటికే గాలికి ఒడ్డుకు వచ్చేశాయి. తేలే మూత ఏదైనా అంచు నీటిలోకి దిగి ఉండాలి, లేకపోతే గాలి కింద దూరుతుంది.

కమలాకర్_షేడ్‌నెట్ పని | డిసెంబర్ 6
నెట్ కట్టే సంగతి నేను చెప్తాను. మా పని అదే.

90 శాతం అక్కర్లేదు. 75 శాతం నల్లది, ఎండకు తట్టుకునే రకం తీసుకోండి. 90లో రంధ్రాలు చిన్నవై గాలి ఆగి తెరచాపలా లాగుతుంది. తీగల మీద లోడు చాలా పెరుగుతుంది. పచ్చదీ నల్లదీ తేడా ఆవిరి మీద చెప్పుకోదగినంత ఉండదు, నల్లది ఎక్కువ కాలం మన్నుతుంది.

స్తంభాలు షీటు బయట, గట్టు అవతలి వైపు ఉండాలి. కుంట మధ్యలో స్తంభం పెడితే షీటు చిల్లు పడుతుంది, ఆ పని చేయొద్దు. 2 మీటర్లకు ఒక తీగ చొప్పున 6 మి.మీ. వైర్ రోప్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు లాగాలి. అందరూ చేసే తప్పు ఇక్కడే: చూడ్డానికి బాగుండాలని తీగను తాడులా బిగిస్తారు. 20 మీటర్ల తీగ మధ్యలో 1 మీటరు వేలాడనిస్తే, చదరపు మీటరుకు 10 కిలోల గాలి లోడుకు స్తంభం మీద పడే లాగుడు దాదాపు 1,000 కిలోలు. అర మీటరే వేలాడితే అదే 2,000 కిలోలు అవుతుంది. బిగించేకొద్దీ స్తంభం వాలుతుంది. చేను కంచెకు వేసే రాతి కూసాలు ఈ లాగుడుకు విరుగుతాయి, ఇనుప పైపు కావాలి. ప్రతి స్తంభానికి వెనక ఏటవాలుగా ఇంకో తీగ కట్టి, మీటరు పైన లోతు గుంతలో పెద్ద బండను పూడ్చి దానికి లాగాలి. నీరు నిండినా మధ్యలో నెట్ తాకకుండా స్తంభం గట్టు మీద మీటరున్నర తగ్గకూడదు.

నెట్‌ను తీగ మీద వేసి వదిలేస్తే గాలికి తీగకు రాసుకుని ఒక్క సీజన్‌లో చీలుతుంది. పైన ఒక తీగ, కింద ఒక తీగ పెట్టి మధ్యలో నెట్ నొక్కి అడుగుకో చోట క్లిప్పు వేయండి. పడమర, నైరుతి వైపు గట్టు దాకా నెట్ కిందికి దించండి, లేకపోతే గాలి నెట్ కింద నుంచి దూరి నీటిని తాకుతుంది. సగం లాభం అక్కడే పోతుంది. జూన్‌లో గాలి మొదలయ్యే ముందు నెట్ చుట్టేయండి. అప్పటికి కుంటలో ఎట్లాగూ నీరుండదు, నెట్‌కు ఒక ఏడాది ఆయుష్షు పెరుగుతుంది.

చేపల_రమణ | డిసెంబర్ 6
అంత కట్టడం ఎందుకు, నెట్‌ను నీటి మీదే తేలించొచ్చు కదా? పైపులు కట్టి వదిలేస్తే సరి.

కమలాకర్_షేడ్‌నెట్ పని | డిసెంబర్ 6
నీటిని తాకే నెట్ తడిసి ఉంటుంది అన్నా, ఆ తడి నుంచే ఆవిరి పోతుంది. నల్లది ఎండకు వేడెక్కి ఇంకా త్వరగా పోతుంది. తేలించాలంటే నెట్ కాదు, నీరు దూరని షీటు కావాలి. 63 మి.మీ. పైపుతో 3 × 3 మీటర్ల చట్రం చేసి, చివరలు మూసి, పైన తెల్ల షీటు కట్టండి. షీటు అంచులు చట్రం బయట ఒక జానెడు నీటిలోకి వేలాడాలి. తడి అంచు నీటిని పట్టుకుని గాలికి లేవదు. వాన నీరు కిందికి పోవడానికి అక్కడక్కడ చిన్న రంధ్రాలు పెట్టాలి, లేకపోతే పైన గుంటలా నిలిచి అదే ఆవిరి అవుతుంది. ఎంత మేర కప్పితే దాదాపు అంత మేరకే లాభం. చేపలు ఉంటే సగానికి మించి కప్పకండి. మట్టం దిగేకొద్దీ చట్రాలు వాలు మీద ఎక్కి నిలబడతాయి, అప్పుడు ఒకటి రెండు బయటికి తీయాలి. అది మరిస్తే చట్రం మూల షీటును గీస్తుంది.

సుధ_వ్యవసాయం | డిసెంబర్ 7
అందరూ ఆవిరి ఆపడం గురించే రాస్తున్నారు. ఒక మాట అడుగుతాను. ఏప్రిల్ దాకా కుంటలో నీరు ఉంచడం ఎందుకు? కళ్యాణదుర్గం అన్నకు బోరు ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చీనీకి కుంట నీరు ఇచ్చి బోరును ఆపితే, భూమిలోని నీరు ఆవిరి కాదు. వేసవిలో బోరు వాడుకోవచ్చు. కుంట మట్టం త్వరగా దిగుతుంది, పై విస్తీర్ణం తగ్గుతుంది, ఎండలు ముదిరేసరికి ఆవిరి కావడానికి నీరే ఉండదు. నెట్ ఖర్చూ లేదు.

వేరుశనగ వేసినవాళ్ళకైతే ఇది మరీ అవసరం. నెల రోజులు 7 మి.మీ. చొప్పున 400 చదరపు మీటర్ల కుంటలోంచి పోయేది 84 ఘనపు మీటర్లు. ఎకరాకు 20 మి.మీ. రక్షక తడి ఇవ్వడానికి పట్టేది 81. ఊడలు దిగేటప్పుడు బెట్ట వస్తే ఆ రోజే ఇచ్చేయాలి, వచ్చే నెలకు దాచితే ఆ తడి గాలికే పోతుంది.

చీనీతోట_కళ్యాణదుర్గం | డిసెంబర్ 7
మేడం, మీరు చెప్పింది వినడానికి బాగుంది. కానీ మా బోరు చుట్టూ ఇంకో ఆరు బోర్లు ఉన్నాయి. నేను ఆపితే నా నీరు వాళ్ళే లాగేస్తారు. కుంటలోది మాత్రం నాది.

సుధ_వ్యవసాయం | డిసెంబర్ 8
మీ అనుమానం కాదనలేను. బండరాతి కింద నీరు పగుళ్ళలో ఉంటుంది. మీ బోరు పగులు పక్కవాళ్ళ బోరుకు కలిసి ఉంటే మీరు ఆపినా మట్టం దిగుతుంది. కలిసి లేకపోతే నిలుస్తుంది. మీరు ఒక వారం మోటారు ఆపి బోరులో మట్టం కొలవండి. తాడుకు చిన్న గిన్నె బోర్లించి కట్టి దించితే నీటిని తాకగానే టప్ మంటుంది, అక్కడ ముడి వేసి తాడు కొలవాలి. పక్కవాళ్ళు ఆడించే గంటల్లో మట్టం ఎంత దిగుతోందో చూడండి.

మూర్తి_నీటిలెక్క | డిసెంబర్ 8
సుధ గారితో ఏకీభవిస్తాను, ఒక్క షరతుతో. వేసవిలో ఆ బోరు గతంలో ఎండిపోయిన చరిత్ర ఉంటే, చీనీ చెట్ల విషయంలో పూర్తిగా బోరును నమ్మలేం. అప్పుడు సగం సగం చేయొచ్చు. ఫిబ్రవరి దాకా కుంటలో పై మీటరు వాడేయండి. విస్తీర్ణం 289కి పడుతుంది, అడుగు రెండు మీటర్ల నీరు 400 ఘనపు మీటర్ల దాకా ఉంటుంది. నెట్ కట్టాలనుకుంటే మట్టం దిగాక ఆ వాలు లోపలే చిన్నగా కట్టొచ్చా అన్నది కమలాకర్ గారు చెప్పాలి. 17 మీటర్ల తీగకు లాగుడు తగ్గుతుంది కానీ స్తంభం షీటు మీదికి వస్తుంది.

కమలాకర్_షేడ్‌నెట్ పని | డిసెంబర్ 9
స్తంభం షీటు మీద వద్దు సార్. గట్టు మీది స్తంభాలకే తీగ లాగి, నెట్ మాత్రం మధ్య 17 మీటర్ల మేర వేసి, అంచులు వాలు మీదికి దించి ఇసుక గోతాలతో ఆపొచ్చు. ఇనుము ఖర్చు తగ్గదు, నెట్ ఖర్చే తగ్గుతుంది. ముందు బోరు మట్టం కొలత రానివ్వండి. అది నిలిచే బోరైతే ఈ ఇనుమంతా అక్కర్లేదు.

చీనీతోట_కళ్యాణదుర్గం | డిసెంబర్ 9
సరే అన్నా. సోమవారం నుంచి మోటారు ఆపి తాడు దించుతాను. పక్క చేని ఆయన ఎప్పుడెప్పుడు ఆడిస్తాడో రాసిపెట్టుకుంటాను.